పాలు పడని మనిషి ఉన్న ఇంట్లో వంట: కాల్షియం లెక్క తప్పకుండా

పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల లోపు కడుపు ఉబ్బరం, గుడగుడ, గ్యాసు, ఒక్కోసారి విరేచనం. ఇంట్లో ఒకరికి ఇలా అవుతుంటే మనం మొదట చేసే పని పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ ఒకేసారి బంద్ చేయడం. కడుపు కుదుటపడుతుంది, అందరికీ టెన్షన్ తగ్గుతుంది. అయితే రెండు గ్లాసుల పాలు, ఒక కప్పు పెరుగు మానేసిన మనిషికి రోజుకు సుమారు 700 మిల్లీగ్రాముల కాల్షియం తగ్గిపోతుంది. ఆ సంగతి ఎవరూ గమనించరు, ఎందుకంటే ఒంట్లో ఏమీ తెలియదు. రక్తపరీక్షలోనూ తెలియదు. తిండిలో కాల్షియం తగ్గితే శరీరం ఎముకల్లోంచి తీసుకుని రక్తంలో మోతాదును సరిగ్గా నిలుపుకుంటుంది. కాబట్టి 'రిపోర్టులో కాల్షియం నార్మల్' అన్న మాట పట్టుకుని ఊరుకోకూడదు.

వేరే గిన్నెలో వేరే వంట చేయకుండా, ఇంటిల్లిపాదీ తినే వంటతోనే ఆ లోటు పూడ్చడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఉదాహరణకి 58 ఏళ్ల అత్తగారిని తీసుకుంటున్నాను. శాకాహారి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. మిగతా పెద్దవాళ్లలో ఎక్కువమందికి 1000. ఆమెకు సరిపోయేలా వండితే ఇంట్లో మిగతా పెద్దవాళ్లకూ సరిపోతుంది.

ముందు: ఇది లాక్టోజ్ బాధేనా?

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని విడగొట్టే ఎంజైము చిన్నపేగులో తగ్గిపోతే అది అరగకుండా పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తుంది. దక్షిణాదిలో పెద్దవాళ్లలో చాలా మందికి ఈ ఎంజైము తక్కువే. ఇది రోగం కాదు, వయసుతో వచ్చే మార్పు. విరేచనాల జబ్బు చేశాక కొన్ని వారాలు మాత్రమే ఉండి పోయే రకం కూడా ఉంది, అది పిల్లల్లో ఎక్కువ.

ఇంట్లో తేల్చుకోవాలంటే రెండు వారాలు పాలు, పాలతో చేసినవి పూర్తిగా మాన్పించండి. తర్వాత ఒక ఉదయం పరగడుపున ఒక గ్లాసు పాలు ఇచ్చి మూడు నాలుగు గంటలు చూడండి. పాత బాధ తిరిగి వస్తే అనుమానం బలపడినట్టే. ఖాయంగా తెలియాలంటే డాక్టరు దగ్గర ఊపిరితో చేసే హైడ్రోజన్ పరీక్ష ఉంది. పాలు తాగగానే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చే వాళ్లది వేరే కథ. అది పాల ప్రొటీన్‌కు అలర్జీ, వాళ్ల మీద ఈ ప్రయోగం చేయొద్దు. మలంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే వంటింటి చిట్కాలు పక్కన పెట్టి డాక్టరును కలవండి. పసిపిల్లల విషయంలోనూ అంతే. పాలకు బదులు రాగి జావ పోయడం పసివాళ్లకు పనికిరాదు.

'గేదె పాలు పడకపోతే ఆవు పాలు, అవీ పడకపోతే ఏ2 పాలు, మేక పాలు' అని చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. లాక్టోజ్ అన్నిట్లోనూ దాదాపు అంతే ఉంటుంది. డబ్బు దండగ.

తర్వాత: ఏది మానాలి, ఏది ఉంచుకోవచ్చు

అన్నీ మాన్పించనక్కర్లేదు. ఈ బాధ ఉన్నవాళ్లలో చాలా మంది ఒకేసారి 12 గ్రాముల దాకా లాక్టోజ్ తట్టుకుంటారు, అదీ భోజనంతో కలిపి తీసుకుంటే. కాఫీలో పోసే 60 మిల్లీలీటర్ల పాలలో ఉండేది మూడు గ్రాముల లోపే. అత్తగారికి పొద్దున కాఫీ మాన్పించి ఇంట్లో యుద్ధం తెచ్చుకోవడం కన్నా ఆ చిన్న కప్పుతో ఏమవుతుందో చూడటం తెలివైన పని. నెయ్యిలో లాక్టోజ్ లేనట్టే, నిశ్చింతగా వేయండి.

పెరుగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బాగా తోడుకున్న పెరుగులో బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది. మిగిలినదాన్ని విడగొట్టే ఎంజైము కూడా ఆ బాక్టీరియా దగ్గరే ఉండి మన పేగులో పనిచేస్తుంది. అందుకే పాలు పడని చాలా మందికి పెరుగన్నం పడుతుంది. కానీ అదే పెరుగును మజ్జిగ పులుసులో మరిగిస్తే బాక్టీరియా చచ్చిపోతుంది, ఎంజైమూ పోతుంది. 'నిన్న పెరుగు తిన్నప్పుడు ఏమీ కాలేదు, ఇవాళ మజ్జిగ పులుసుతో ఎందుకు ఉబ్బరం?' అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. పాలపొడి కలిపి గట్టిపరిచిన కొన్ని ప్యాకెట్ పెరుగుల్లో లాక్టోజ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఇంట్లో తోడుపెట్టినదే వాడండి.

మానాల్సినవి పాలకోవా, కలాకండ్, సేమ్యా పాయసం, పాలపొడి కలిపిన మాల్టు డ్రింకులు. బిస్కెట్లు, బ్రెడ్డు కొన్నప్పుడు ప్యాకెట్ వెనక పాలపొడి, మిల్క్ సాలిడ్స్, వే అని ఉందేమో చూడండి. పండగకి పూతరేకులు, అరిసెలు, సున్నుండలు చేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, వాటిలో పాలే లేవు.

ఇక ముందు చెప్పే లెక్కలో పెరుగును కలపడం లేదు. పడినవాళ్లకు అది అదనం.

రాగులు: పొడి కాదు, పులిసిన పిండి

వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అంతే బియ్యంలో పది లోపే. కాని రాగుల్లో ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం, ఈ మూడూ దాన్ని తగ్గిస్తాయి. మన పెద్దవాళ్ల అంబలి రాత్రంతా పులిసేది. అప్పటికప్పుడు పిండి కలిపి కాచే జావ కన్నా అదే మేలు.

రోజూ జావ తాగమంటే వారంలో విసుగొస్తుంది, అందుకే దోసె. ఒక కప్పు మినప్పప్పు, చెంచాడు మెంతులు నాలుగు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బండి. మూడు కప్పుల రాగి పిండి, తగినంత ఉప్పు కలిపి రాత్రంతా పులియనివ్వండి. ఈ పిండి మామూలు దోసె పిండి కన్నా కొంచెం పలచగా ఉండాలి. లేకపోతే దోసె పెనం మీద పగుళ్లు పడుతుంది, తిన్నాక నోట్లో పిండిపిండిగా ఉంటుంది. మూడు దోసెల్లో సుమారు 60 గ్రాముల రాగి పిండి పడుతుంది, అంటే 220 మిల్లీగ్రాములు.

మొలకల పిండి చేసుకోవాలనుకుంటే రాగులను పది పన్నెండు గంటలు నానబెట్టి, నీళ్లు వంచి, తడి గుడ్డలో మూట కట్టండి. ఎండాకాలంలో ఒక రోజు, చలికాలంలో రెండు రోజులకు తెల్ల మొలక కనిపిస్తుంది. నీడలో పూర్తిగా ఆరబెట్టి, దోరగా వేయించి మర పట్టించండి. ముక్క వాసన వస్తే ఆరలేదని అర్థం, ఆ పిండి నిలవ ఉండదు.

నువ్వులు: పొట్టుతో, నూరి

పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, రకాన్ని బట్టి 1200, 1300 దాకా. దుకాణంలో తళతళలాడే తెల్ల నువ్వులు చాలా వరకు పొట్టు తీసినవే. పొట్టుతో పాటు కాల్షియంలో పెద్ద భాగం పోతుంది. చేతిలో రుద్ది చూస్తే గరుకుగా, మట్టి రంగులో గానీ నల్లగా గానీ ఉండేవి కొనండి. పొట్టులోని కాల్షియంలో కొంత ఆక్సలేటుతో కలిసి ఉంటుంది కాబట్టి అంతా ఒంటికి పట్టదు, అయినా మిగిలేది చెప్పుకోదగ్గదే.

రెండో షరతు, నూరాలి. అప్పాల మీద చల్లిన గింజలు చాలా వరకు నమలకుండానే లోపలికి వెళ్లి అలాగే బయటికి వస్తాయి.

పచ్చడి: నలుగురికి 60 గ్రాముల నువ్వులు, అంటే అర కప్పు కన్నా కాస్త తక్కువ. సన్న మంట మీద చిటపటలాడే వరకే వేయించి దించండి. ఎర్రబడితే చేదు. నాలుగు ఎండుమిరపకాయలు, ఉసిరికాయంత చింతపండు, వెల్లుల్లి, ఉప్పు వేసి నీళ్లతో రుబ్బి పోపు పెట్టండి. మనిషికి 15 గ్రాముల నువ్వులు వస్తాయి, దాదాపు 190 మిల్లీగ్రాములు.

పొడి: ఇవే దినుసులు చింతపండు లేకుండా, జీలకర్ర చేర్చి, పూర్తిగా చల్లారాక మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఒక్క గుక్కలో తిప్పితే నూనె ఊరి ముద్ద అవుతుంది. అన్నంలో ఒక పెద్ద చెంచా కలుపుకుంటే సుమారు వంద మిల్లీగ్రాములు. బెల్లంతో దంచిన చిమ్మిలి ఉండ ఇంకా మంచి దారి, పిల్లలు కూడా వద్దనరు.

ఆకుకూరలు: అన్నీ ఒకటి కాదు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పాలు మానగానే 'పాలకూర, తోటకూర రోజూ పెట్టండి' అని సలహా ఇస్తారు. పట్టికలో చూస్తే తోటకూరలో కాల్షియం బాగానే కనిపిస్తుంది, వంద గ్రాములకు 300 పైన. కానీ తోటకూర, పాలకూర, బచ్చలికూరల్లో ఆక్సలేటు ఎక్కువ. అది కాల్షియంతో కలిసి కరగని పదార్థంగా మారి మలంలో వెళ్లిపోతుంది. పాలలోని కాల్షియంలో మూడో వంతు దాకా ఒంటికి పడితే, పాలకూరలోది ఇరవయ్యో వంతే పడుతుంది. వాటిని మానొద్దు, వాటికి వేరే గుణాలు ఉన్నాయి. కాల్షియం లెక్కలో మాత్రం వాటి పేరు రాయకండి.

లెక్కలో రాసుకోదగ్గవి మునగాకు, మెంతికూర. వంద గ్రాముల పచ్చి మునగాకులో 300 పైన, మెంతికూరలో 270 దాకా ఉంటుంది, ఆక్సలేటు బాధ వీటిలో తక్కువ. అవిసె ఆకులో ఇంకా ఎక్కువ, కానీ చేదు వల్ల మన ఇళ్లలో రోజువారీ కూర కాలేదు.

మునగాకు పప్పు నలుగురికి: కాడలు తీసేశాక 200 గ్రాముల ఆకు, 120 గ్రాముల కందిపప్పు. ఆకు తేలిక కాబట్టి 200 గ్రాములంటే పెద్ద గిన్నె నిండుగా వస్తుంది, 'ఇంత ఆకా!' అని వెనక్కి తగ్గొద్దు. గుప్పెడు ఆకు వేసిన పప్పు వాసనకు పనికొస్తుంది, లెక్కకు కాదు. పప్పు విడిగా ఉడికించండి. బాణలిలో చెంచాడు నూనె వేసి, ఆకు పచ్చివాసన పోయే వరకు, నాలుగైదు నిమిషాలు మగ్గించి పప్పులో కలపండి. చింతపండు పులుసు, చిటికెడు బెల్లం, చివర వెల్లుల్లి పోపు. ఆకు ఉడికించి నీళ్లు పారబోయకండి. కాల్షియం వేడికి పోదు, పారబోసిన నీళ్లతో కొంత పోతుంది. లేతాకు దొరకకపోతే ముదురాకు చేదు తగలుతుంది, అప్పుడు చింతపండు కొంచెం పెంచండి. మనిషికి 50 గ్రాముల ఆకు, 155 మిల్లీగ్రాములు. పప్పుతో ఇంకో 20.

ఆకు దొరకని రోజులకు నీడలో ఎండబెట్టి పొడి చేసి ఉంచుకోవచ్చు. కానీ కాఫీ చెంచాడు పొడి అంటే రెండు గ్రాములే, దాన్నుంచి వచ్చేది నలభై మిల్లీగ్రాములకు అటూ ఇటూ. డబ్బా మీద రాసిన గొప్పలు చూసి మోసపోకండి.

అత్తగారి ఒక రోజు

పొద్దున రాగి దోసెలు మూడు, నువ్వుల పచ్చడి: 220, 190. మధ్యాహ్నం మునగాకు పప్పు 175, అన్నంలో నువ్వుల పొడి 100. సాయంత్రం 40 గ్రాముల ఉలవలతో గుగ్గిళ్లు, 105. రాత్రి జొన్నరొట్టె, 75 గ్రాముల మెంతికూర వేసిన కూర, 205. మొత్తం 995. రోజంతా తినే కూరగాయలు, జొన్నలు, కరివేపాకు వంటి వాటి నుంచి ఇంకో ఎనభై, వంద. అంటే వెయ్యి దాటింది, 1200కి ఇంకా వంద పైచిలుకు తక్కువ. ఒక చిమ్మిలి ఉండ, లేదా పడితే ఒక కప్పు పెరుగు, ఆ ఖాళీ నింపుతుంది.

గుగ్గిళ్లు అన్నాను, ఉలవచారు అనలేదు. చారులో నీళ్లు తాగి గింజ పశువులకు వేస్తే కాల్షియంలో ఎక్కువ భాగం పశువుకే పోతుంది. గింజ తినాలి.

ఒకే పూట అంతా కుక్కకుండా రోజంతా పంచింది కావాలనే. ఒకేసారి 500 మిల్లీగ్రాములు దాటితే పేగు పీల్చుకునే పాళ్లు తగ్గుతాయి. పై లెక్కలో ఏ పూటా అంత దాటలేదు.

మాంసాహారుల ఇంట్లో పని ఇంకా సులువు. నెత్తళ్లు లాంటి చిన్న చేపలు ముల్లుతో సహా నమిలి తింటారు కాబట్టి కాల్షియం పుష్కలం. బొచ్చె, రవ్వ ముక్కల పులుసులో ముళ్లు తీసి పక్కన పెడతారు, దాంట్లో కాల్షియం ఆశించకండి. ఎండు నెత్తళ్లు, రొయ్యపొట్టు వాడితే వేడినీళ్లలో నానబెట్టి రెండు మూడు సార్లు కడగండి. ఉప్పు ఎక్కువైన కొద్దీ మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతుంది. ఆవకాయ, వడియాలు దండిగా తినే ఇంట్లో ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాలి.

పాలకు బదులు పాలు

పాయసంలో కొబ్బరిపాలు పోస్తే రుచికి లోటుండదు, కానీ వాటిలో కాల్షియం దాదాపు లేదు. ఇంట్లో రుబ్బి తీసిన బాదం పాలు, సోయా పాలు కూడా అంతే, చాలా తక్కువ. ప్యాకెట్ సోయా పాలలో కాల్షియం కలిపి ఉంటే లేబుల్ మీద రాస్తారు. వంద మిల్లీలీటర్లకు 120 దగ్గర ఉంటే ఆవు పాలతో సమానం. కలిపిన కాల్షియం అడుక్కి దిగుతుంది కాబట్టి ప్రతిసారీ బాగా కుదిపి పోయాలి. కాఫీలో సోయా పాలు విరిగితే డికాషన్ కాస్త చల్లారనిచ్చి, వెచ్చబెట్టిన పాలలోకి డికాషన్‌ను నెమ్మదిగా పోయండి. లాక్టోజ్ తీసేసిన ఆవు పాల ప్యాకెట్లు కూడా దొరుకుతున్నాయి. వాటిలో కాల్షియం మామూలు పాలలో ఉన్నంతే, కాస్త తియ్యగా ఉంటాయి.

ఎక్కడ తేడా కొడుతుంది

పాలు మానేసి రెండు వారాలైనా ఉబ్బరం తగ్గలేదంటే ముందు కొత్తగా పెడుతున్న వాటిని చూడండి. ఉలవలు, ఒక్కసారిగా పెంచిన మునగాకు, రాగి పీచు ఇవన్నీ అలవాటు లేని కడుపులో గ్యాసు చేస్తాయి. వాటి నింద కాఫీలోని పాల మీద పడుతుంది. అందుకే వారానికి ఒక్కటే కొత్తది చేర్చండి. ఉలవలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, చేత్తో నొక్కితే మెత్తబడే దాకా ఉడికించండి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా తగ్గకపోతే కారణం లాక్టోజ్ కాకపోవచ్చు, డాక్టరుకు చూపించండి.

కాల్షియం ఎంత తిన్నా విటమిన్ డి లేకపోతే పేగు సరిగా పీల్చుకోదు. అత్తగారి వయసులో కాల్షియం రక్తపరీక్ష కన్నా విటమిన్ డి పరీక్ష, డాక్టరు అవసరమంటే ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఎక్కువ ఉపయోగం. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే నువ్వులు, ఆకుకూరలు ఇంత మోతాదులో మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి.

వంటతో 1200 అందని రోజులు ఉంటాయి, ప్రయాణాల్లో, పెళ్లిళ్లలో తప్పదు. నెలల తరబడి అందకపోతే డాక్టరు మాత్ర రాస్తారు. అది కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో వేసుకోవాలి, ఖాళీ కడుపుతో సరిగా కరగదు. థైరాయిడ్ మాత్రకూ దానికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, ఐరన్ మాత్రతో కూడా కలిపి వేయకూడదు. అత్తగారు పొద్దున పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవారైతే కాల్షియం మాత్రను మధ్యాహ్నం భోజనానికో రాత్రి భోజనానికో జరపండి.